పొగాకు బ్యారన్ ఏ రంగం కిందికి వస్తుంది? ఆర్థిక కార్యకలాపాల వర్గీకరణలో తికమకలు, వాటి వెనుక సూత్రాలు

సంక్షిప్తంగా: ఒక పని ప్రాథమిక, ద్వితీయ, తృతీయ, చతుర్థ రంగాల్లో దేనికి చెందుతుందో సరుకు పేరును బట్టి గానీ, యంత్రాల హోరును బట్టి గానీ, చెమటోడ్చే తీరును బట్టి గానీ తేలదు. ఆ పని వల్ల సరుకులో ఏ మార్పు వస్తోంది, ఆ పని ఏ దశలో జరుగుతోంది, లెక్క వేసేవారు సంస్థను చూస్తున్నారా, మనిషిని చూస్తున్నారా అన్న ప్రశ్నలకు జవాబు దొరికితేనే తేలుతుంది. ప్రకాశం జిల్లా పొగాకు ఆకు పొలం నుంచి, పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్ మీదుగా, ఎగుమతి దాకా సాగే దారిలో ఈ ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

మూడు రంగాలు నాలుగైన వైనం

ఆర్థిక కార్యకలాపాలను మూడు రంగాలుగా చూసే పద్ధతిని 1930లలో ఆర్థికవేత్త అలన్ ఫిషర్ ప్రతిపాదించగా, 1940లో కోలిన్ క్లార్క్ దేశాల ఆదాయ లెక్కలకు అన్వయించి ప్రచారంలోకి తెచ్చారు. నేల నుంచి, నీటి నుంచి, అడవి నుంచి, గని నుంచి నేరుగా రాబట్టేది ప్రాథమికం. అలా రాబట్టినదాన్ని వేరే వస్తువుగా మార్చేది ద్వితీయం. వస్తువును తయారు చేయకుండా రవాణా, అమ్మకం, మరమ్మతు, వైద్యం, పాలన వంటి సేవలు అందించేది తృతీయం. ఫ్రెంచ్ భూగోళ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ 1961లో అమెరికా ఈశాన్య తీర నగరాలను పరిశీలిస్తూ, సమాచారాన్ని, జ్ఞానాన్ని సృష్టించి నడిపించే పనులను తృతీయం నుంచి విడదీసి చతుర్థం అన్నారు.

ఇంతవరకు పాఠం సులభమే. రైతు ప్రాథమికం, ఫ్యాక్టరీ కార్మికుడు ద్వితీయం, బస్సు డ్రైవర్ తృతీయం, శాస్త్రవేత్త చతుర్థం అని విద్యార్థి తడుముకోకుండా చెప్పగలడు. చిక్కంతా ఈ నలుగురి మధ్య ఉన్నవారి విషయంలోనే వస్తుంది. పనిచేసే వారిలో ఎక్కువమంది ఆ మధ్యనే ఉంటారు.

బ్యారన్‌లో మంట ఉన్నా అది వ్యవసాయమే

ప్రకాశం, నెల్లూరు జిల్లాల తేలిక నేలల్లో, నల్లరేగళ్లలో పండే వర్జీనియా పొగాకు మొక్కకు ఆకు ఒకేసారి పక్వానికి రాదు. అడుగు ఆకుతో మొదలుపెట్టి పైకి వెళ్తూ విడతకు రెండు మూడు ఆకుల చొప్పున కోస్తారు, దీన్నే రెలుపు అంటారు. రెలిచిన పచ్చి ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీస్తారు. పొయ్యి బయట ఉంటుంది. దాని వేడి ఇనుప గొట్టాల గుండా గది లోపల తిరిగి, పొగ మాత్రం గొట్టం వెంటే బయటకు పోతుంది. ఆకుకు తగిలేది వేడి ఒక్కటే.

తొలి దశలో వేడిని సుమారు 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచి, గదిలో తేమను నిలబెట్టి, ఆకును మెల్లగా వాడనిస్తారు. ఆ సమయంలో ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పసుపు రంగు పైకి తేలుతుంది. తర్వాత వేడిని పెంచుతూ ఆకు రెక్కను ఆరబెడతారు. చివరికి దాదాపు 70 డిగ్రీల దగ్గర నడిమి ఈనె ఆరుతుంది. తొలి దశలోనే తొందరపడి వేడి పెంచితే పచ్చ రంగు ఆకులోనే నిలిచిపోతుంది. చివరి దశలో మంట తగ్గితే ఈనెలో మిగిలిన తేమ వెనక్కి ఆకులోకి పాకి ఈనె వెంబడి నల్లని మరక పడుతుంది. ఈనె విరిస్తే పుటుక్కున విరగాలి. వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

కొలిమి ఉంది, ఉష్ణోగ్రత కొలత ఉంది, కట్టెల ఖర్చు ఉంది, ఆకులో రసాయన మార్పు కూడా జరుగుతోంది. చూడబోతే ఇది చిన్న కర్మాగారమే. అయినా మన దేశంలో గణాంకాలకు ఆధారమైన, 2008లో రూపొందిన జాతీయ పారిశ్రామిక వర్గీకరణ గానీ, దానికి మూలమైన ఐక్యరాజ్యసమితి వర్గీకరణ గానీ పొగాకు ఆకును ఆరబెట్టి సిద్ధం చేయడాన్ని వ్యవసాయ విభాగంలోనే, పంట చేతికొచ్చాక చేసే పనుల కింద 0163 అనే సంఖ్యతో చేర్చాయి. రైతు తన ఆకును తానే ఆరబెట్టుకున్నా, సొంత బ్యారన్ లేని రైతు ఆకును మరొకరు కూలికి ఆరబెట్టి ఇచ్చినా, అది ప్రాథమిక రంగమే.

దీని వెనుక ఉన్న తర్కం తెలిస్తే గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. వర్జీనియా పచ్చి ఆకుకు సంత లేదు. రెలిచిన ఆకును అలాగే వదిలితే రెండు మూడు రోజుల్లో కుళ్లుతుంది. కాబట్టి పంట తొలిసారి అమ్ముడుపోయే రూపానికి చేరేదాకా జరిగే పని పంటలో భాగమేనని లెక్క. వడ్లను కల్లంలో ఆరబోయడం, తూర్పారబట్టడం ప్రాథమికం కావడానికీ, అదే వడ్లను మిల్లులో మరపట్టించడం ద్వితీయం కావడానికీ కారణం ఇదే.

రీడ్రైయింగ్ ప్లాంట్ దగ్గర గీత పడుతుంది

రైతు బేళ్లు వేలంలో అమ్ముడయ్యాక ఆకు రీడ్రైయింగ్ ప్లాంట్‌కు చేరుతుంది. అక్కడ వేర్వేరు రైతుల ఆకును గ్రేడుల వారీగా కలిపి, ఆవిరితో మెత్తబరిచి, ఈనెను రెక్క నుంచి వేరు చేసి, మళ్లీ ఆరబెట్టి, తేమ అంతటా ఒకేలా సుమారు 12 శాతం దగ్గర నిలిచేలా చేసి పెట్టెల్లో బిగిస్తారు. నెలల తరబడి నిల్వ ఉన్నా బూజు పట్టకుండా, ఓడలో వెళ్లినా చెడకుండా ఉండాలంటే ఈ సమానత్వం తప్పదు. ఈనె తీయడం, తిరిగి ఆరబెట్టడం అనే ఈ పనులను వర్గీకరణ పట్టిక 12వ విభాగమైన పొగాకు ఉత్పత్తుల తయారీలో పెట్టింది. అంటే ద్వితీయ రంగం.

ఒకే ఆకును రెండుసార్లు ఆరబెట్టారు. మొదటిసారి అది ప్రాథమికం, రెండోసారి ద్వితీయం. రెండుచోట్లా వేడి ఉంది, తేమ ఉంది, కూలీలు ఉన్నారు. తేడా అంతా అమ్మకం అనే గీతకు ఏ పక్కన ఆ పని జరిగిందన్న దానిలోనే ఉంది. యంత్రం కనిపిస్తే ద్వితీయం, ఎండ కనిపిస్తే ప్రాథమికం అని నేర్చుకున్నవారు ఇక్కడ తప్పక పొరబడతారు.

అదే కొలతతో తీర ప్రాంతానికి వెళ్తే జవాబు తలకిందులవుతుంది. కొత్తపట్నం వైపు ఇసుక మీద వల పరిచి చేపలు ఎండబెట్టే చోట పొయ్యి లేదు, యంత్రం లేదు, కప్పు కూడా లేదు. అయినా చేపను ఉప్పువేసి ఎండబెట్టి నిల్వకు తేవడం వర్గీకరణలో ఆహార తయారీ కిందికి, అంటే ద్వితీయ రంగంలోకి వస్తుంది. పచ్చి చేపకు రేవులోనే బేరం ఉంది; అది అప్పటికే అమ్ముడుపోయే సరుకు. ఎండుచేప దాని నుంచి చేసిన మరో సరుకు. అయితే వేటకు వెళ్లిన కుటుంబం అమ్ముడుపోని కొద్దిపాటి చేపను ఎండబెట్టుకుంటే ఆ కుటుంబపు ప్రధాన కార్యకలాపం వేటే కాబట్టి ప్రాథమికంగానే లెక్కలోకి వస్తుంది. రేవులో చేప కొని, ఎండబెట్టి అమ్మడమే బతుకుదెరువుగా ఉన్న మహిళ మాత్రం ద్వితీయ రంగంలో ఉన్నట్టు. ఒకటికి మించి పనులు చేసే సంస్థనైనా కుటుంబాన్నైనా, ఏ పని వల్ల ఎక్కువ విలువ చేరుతోందో ఆ పని కింద రాయాలన్నది సాధారణ నియమం.

ఈ అమ్మకపు గీత ప్రతిచోటా పనిచేస్తుందని మాత్రం అనుకోకూడదు. పత్తిని రైతు గింజతోనే అమ్ముతాడు కాబట్టి, గింజ నుంచి దూదిని వేరు చేసే జిన్నింగ్ మిల్లు ద్వితీయం కావాలి. వర్గీకరణ పట్టిక మాత్రం జిన్నింగ్‌ను పొగాకు ఆరబెట్టడంతో పాటే 0163లో ఉంచింది. పరిశ్రమల వార్షిక సర్వే అదే మిల్లును ఫ్యాక్టరీగా పరిగణించి తన లెక్కలో చేర్చుకుంటుంది. ఇది సూత్రంతో తేలే విషయం కాదు, పట్టికలో ఉన్న ఏర్పాటు అంతే. పరీక్షల్లో ఈ ప్రశ్న వస్తే ఏ పట్టికను అనుసరించి అడిగారో చూడడం తప్ప మార్గం లేదు.

దోసె సేవ, జాకెట్టు తయారీ

పట్టణంలోని రోజువారీ పనుల్లోనూ ఇలాంటి చిక్కులు కొన్ని ఉన్నాయి. నెల్లూరు మెస్‌లో బియ్యం, పప్పు కలిసి దోసె అవుతున్నాయి. పదార్థం మారింది కాబట్టి ద్వితీయమని తోస్తుంది. కానీ అప్పటికప్పుడు తినడానికి వండి వడ్డించడాన్ని ఆహార సేవగా, అంటే తృతీయంగా చూస్తారు. అదే దోసె పిండిని రుబ్బి ప్యాకెట్లలో కట్టి దుకాణాలకు పంపే యూనిట్ తయారీ రంగంలో ఉంటుంది. కొలత కొట్టి కొత్త జాకెట్టు కుట్టే దర్జీ చేసేది తయారీ. పాత జాకెట్టు వదులు చేసి ఇచ్చినా, చిరుగు కుట్టినా అది మరమ్మతు సేవ. ఒకే కుర్చీలో, ఒకే మిషన్ మీద ఈ రెండూ జరుగుతాయి; ఏది ఎక్కువ ఆదాయం తెస్తే దాని కింద ఆ దుకాణాన్ని రాస్తారు. తాపీ మేస్త్రీ విషయంలో తరచూ దొర్లే తప్పు ఏమిటంటే, అతను ఇంటికి వచ్చి పనిచేస్తాడు కాబట్టి సేవ అనుకోవడం. నిర్మాణం ద్వితీయ రంగమే.

వేలం కేంద్రంలో ఆకు మారదు, యజమాని మారతాడు

1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న ఏర్పడిన పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా పనిచేస్తూ ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, కనిగిరి, పొదిలి వంటి చోట్ల వేలం కేంద్రాలను నడుపుతోంది. అక్కడికి వచ్చిన బేలు తూకం పడుతుంది, దానికి గ్రేడు పడుతుంది, కొనుగోలుదారులు బిడ్ వేస్తారు, బేలు చేతులు మారుతుంది. లోపలికి వెళ్లిన ఆకే బయటకు వస్తుంది. ఇది తృతీయ రంగానికి మచ్చుతునక.

ఇక్కడ బేళ్లు మోసే ముఠా కూలీని చాలామంది రైతు కూలీతో కలిపి ప్రాథమిక రంగంలో వేస్తారు. భుజం మీద పడే బరువు ఒకటే కావచ్చు గానీ, అతను చేసేది సరుకు ఎక్కించి దించే పని. రవాణాకు అనుబంధమైన సేవ. లారీ డ్రైవర్, గుమాస్తా, రైతుకు సొమ్ము జమచేసే బ్యాంకు ఉద్యోగి ఉన్న రంగంలోనే అతనూ ఉన్నాడు. రంగాల విభజన జీతాల నిచ్చెన కాదు. తృతీయ రంగం అనగానే కుర్చీలో కూర్చుని చేసే పని అన్న భావన ఎంతగా స్థిరపడిపోయిందంటే, సేవారంగం వాటా పెరిగిందన్న వార్త చదివినప్పుడు ఆ పెరుగుదలలో ఈ కూలీ కూడా ఉన్నాడన్న సంగతి పాఠకుల దృష్టికే రాదు.

చతుర్థం ఎక్కడ మొదలవుతుంది

రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పేరుతో ఏర్పడిన సంస్థకు కందుకూరులో పరిశోధన కేంద్రం ఉంది. దక్షిణ ప్రాంత నేలలకు తగిన వంగడాన్ని రూపొందించే శాస్త్రవేత్త పని చతుర్థ రంగమన్న విషయంలో వివాదం లేదు. అంతకుముందు లేని జ్ఞానం ఆ పని నుంచి పుడుతోంది. రైతు తెచ్చిన మట్టిని తెలిసిన పద్ధతిలో పరీక్షించి క్లోరైడ్ ఎంతుందో రాసిచ్చే టెక్నీషియన్ సంగతి వేరు. ప్రయోగశాల ఒకటే, వేసుకున్న తెల్లకోటు ఒకటే. కానీ అతను అందించేది ఇదివరకే ఉన్న విద్యతో చేసిన సేవ. కచ్చితంగా చూస్తే అది తృతీయం. వేలం కేంద్రంలో కంప్యూటర్ ముందు బేలు వివరాలు ఎక్కించే ఉద్యోగి కూడా, చేతిలో కంప్యూటర్ ఉన్నంత మాత్రాన చతుర్థంలోకి రాడు.

ఈ గీత మిగతా గీతలంత గట్టిది కాదు. అధికారిక పారిశ్రామిక వర్గీకరణలో చతుర్థ రంగమనే విభాగమే లేదు. పరిశోధన, సమాచార సాంకేతికత, ఆర్థిక సేవలు వేర్వేరు విభాగాల్లో ఉంటాయి, మొత్తంగా అన్నీ సేవల కిందే లెక్కలోకి వస్తాయి. అందుకే కొన్ని పాఠ్యపుస్తకాలు టీచర్‌ను, డాక్టర్‌ను చతుర్థంలో చేరుస్తుంటే, మరికొన్ని తృతీయంలోనే ఉంచుతాయి. గాట్‌మన్ ఉద్దేశాన్ని విశాలంగా తీసుకుంటే మొదటిది సబబు. కొత్త జ్ఞానాన్ని సృష్టించడమే కొలత అనుకుంటే రెండోది సబబు. ఈ రెండో కొలతే తేటగా ఉంటుంది. లేదంటే సమాచారంతో సంబంధం లేని సేవ అంటూ చివరికి ఏదీ మిగలదు.

సంస్థ లెక్క వేరు, మనిషి లెక్క వేరు

ఇప్పటిదాకా వచ్చిన చిక్కులకన్నా లోతైనది ఇది. రీడ్రైయింగ్ ప్లాంట్‌లో జమాఖర్చులు రాసే అకౌంటెంట్ ఏ రంగం? రెండు జవాబులూ సరైనవే. ఆయన పనిచేసే సంస్థ తయారీ సంస్థ కాబట్టి, పారిశ్రామిక వర్గీకరణ ఆయనను ద్వితీయ రంగంలో లెక్కిస్తుంది. ఆయన చేతిలోని పని లెక్కలు రాయడం కాబట్టి, 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ ఆయనను అకౌంటెంట్‌గా నమోదు చేస్తుంది. దేశంలో ఇంత శాతం మంది తయారీ రంగంలో ఉన్నారని వార్తల్లో వచ్చే అంకె మొదటి లెక్కది. తరగతి గదిలో అకౌంటెంట్ తృతీయం అని చెప్పేది రెండో లెక్కది. విద్యార్థికీ, వార్త చదివే పాఠకుడికీ మధ్య తేడా వచ్చేది ఇక్కడే.

దీని ఫలితం కాగితాలకే పరిమితం కాదు. ప్లాంట్‌లో కాపలాదారులు, ఊడ్చేవారు, బేళ్లు మోసేవారు నేరుగా ప్లాంట్ జీతగాళ్లుగా ఉన్నంతకాలం వారు ద్వితీయ రంగ కార్మికులు. యాజమాన్యం ఆ పనులను ఒక మనుషుల సరఫరా ఏజెన్సీకి అప్పగించిందనుకుందాం. అదే మనుషులు, అదే గేటు, అదే బేలు. కానీ ఇప్పుడు వారికి జీతమిచ్చే సంస్థ సేవల సంస్థ కాబట్టి, ఆ లెక్కన వారు తృతీయ రంగంలోకి మారిపోతారు. తయారీ రంగంలో ఉద్యోగాలు తగ్గినట్టూ, సేవారంగంలో పెరిగినట్టూ అంకెలు చూపించవచ్చు. సేవారంగం ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు ఎంత భాగం కొత్త పని, ఎంత భాగం ఇలా జీతం చీటీ మారిన పాత పని అని అడగకపోతే విశ్లేషణ దారి తప్పుతుంది.

గనుల విషయంలో తేడా మరో వైపు నుంచి వస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాయి కోసే కార్మికుడు పాఠ్యపుస్తకం ప్రకారం ప్రాథమికం, ఆ రాయిని పలకలుగా కోసి పాలిష్ పట్టే యూనిట్‌లోని కార్మికుడు ద్వితీయం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే స్థూల ఉత్పత్తి పట్టికలు చూస్తే గనుల తవ్వకం వ్యవసాయ, అనుబంధ రంగాల సరసన కాక పరిశ్రమల వరుసలో కనిపిస్తుంది. అంటే జిల్లాలో పరిశ్రమల వాటా ఎక్కువగా కనిపిస్తే, అందులో ఫ్యాక్టరీలతో పాటు తవ్వితీసిన రాయి విలువ కూడా ఉండవచ్చు. పట్టిక శీర్షిక కింద ఉండే వివరణ చదవకుండా రెండు అంకెలను పోల్చకూడదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ జిల్లాలో దొరకదు.

ఒక మహిళ, ఒక ఏడాది

కొండపి మండలంలోని ఒక వ్యవసాయ కూలీ మహిళ ఏడాదిని ఉదాహరణగా తీసుకుందాం. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలు ఆమె ఆకు రెలుపుకు, కర్రలకు ఆకు కట్టడానికి వెళ్తుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలు రీడ్రైయింగ్ ప్లాంట్‌లో ఆకు ఏరే పనిలో ఉంటుంది. మిగిలిన మూడు నెలల్లో నలభై రోజులు ఉపాధి హామీ కింద చెరువు కట్ట పనికి వెళ్లి, మిగతా రోజులు ఇంటిపట్టున ఉంటుంది.

కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి నడుపుతున్న శ్రామిక శక్తి సర్వేలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది గత 365 రోజుల్లో ఎక్కువ కాలం చేసిన పనిని ప్రధానంగా రాసుకుంటుంది. కనీసం 30 రోజులు చేసిన మరో పనిని అనుబంధంగా నమోదు చేస్తుంది. ఈ పద్ధతిలో ఆమె ప్రధాన పని ప్లాంట్‌ది, అంటే ద్వితీయం. నాలుగు నెలల పొలం పని అనుబంధం, ప్రాథమికం. రెండో పద్ధతి గత ఏడు రోజులను మాత్రమే చూస్తుంది. జనవరిలో సర్వే సిబ్బంది వస్తే ఆమె ప్రాథమిక రంగంలోనూ, జూన్‌లో వస్తే తయారీ కింద ద్వితీయంలోనూ, చెరువు కట్ట మీద ఉన్న వారంలో వస్తే నిర్మాణం కింద మళ్లీ ద్వితీయంలోనూ కనిపిస్తుంది. ఇంటిపట్టున ఉన్న వారంలో వస్తే, ఆ వారం పని చేయకుండా, పని కోసం వెతకకుండా ఉంటే, ఏ రంగంలోనూ కనిపించదు. పొగాకు, వరి, రొయ్యల సాగు వంటి కాలానుగుణమైన పనులు ఎక్కువగా ఉన్న ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో, ఏ నెలలో అడిగారు, వారం లెక్కా ఏడాది లెక్కా అన్నది చూశాకే రంగాల వారీ ఉపాధి అంకెను చదవాలి.